‘బోర్ పిన్నీ’ అన్న పిల్లాడికి పుస్తకాలు వెతికాను

మా అక్క కొడుకు కావలిలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో తొమ్మిదో తరగతి పూర్తి చేశాడు. మార్కులకు లోటు లేదు. కానీ పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోడు. అడిగితే ఒకటే మాట, ‘చదవడం బోర్’ అని. నేను నెల్లూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. వేసవి సెలవులకు వాణ్ని మా ఇంటికి పంపిస్తూ అక్క, “ఒక్క పుస్తకమైనా వీడిచేత చదివించవే” అంది. ఇలాంటి పిల్లలు నా క్లాసులోనూ ఉంటారు, కాకపోతే నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరి పక్కన కూర్చుని చూడటం కుదరదు. ఈసారి ఆ వీలు దొరికింది. ఏం చేశానో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి పిల్లలున్నవాళ్లకు పనికొస్తుందని.

మొదట పుస్తకమేదీ వాడి చేతికివ్వలేదు. ‘నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం’ అని కూడా అడగలేదు. చదవని పిల్లాడికి ఆ ప్రశ్నకు జవాబు తెలిసే అవకాశమే లేదు. దానికి బదులు, “ఈమధ్య మధ్యలో ఆపేసిన పుస్తకం ఏది? సరిగ్గా ఎక్కడ ఆపావు?” అని అడిగాను. ఎందుకు ఆపావంటే పిల్లలు మనకు నచ్చే సమాధానం చెప్తారు. ఎక్కడ ఆపావంటే ఉన్నది ఉన్నట్టు చెప్తారు. స్కూల్లో వ్యాసరచనలో బహుమతిగా వచ్చిన ఒక మహనీయుడి జీవితచరిత్రను వాడు మూడో పేజీలోనే వదిలేశాడట. “ఆయన పుట్టాడు, వాళ్ల నాన్న మంచివాడు, వాళ్లమ్మ మంచిది. అంతే పిన్నీ, ఇంకేం జరగలేదు” అన్నాడు. ఇది సమంజసమైన ఫిర్యాదే. మన స్కూళ్లలో బహుమతిగా ఇచ్చే పుస్తకాల్లో ఎక్కువ భాగం పెద్దలకు నచ్చేవి, పిల్లల కోసం రాసినవి కావు.

కానీ వాడు ఇంకో మాట కూడా అన్నాడు. “తెలుగైతే చదివిన లైనే మళ్లీ చదవాల్సొస్తది.” నేను పట్టుకున్నది ఈ మాటని. ఏమీ జరగలేదని విసుగు రావడం వేరు, చదివిందే మళ్లీ చదవాల్సి రావడం వేరు. మొదటిది పుస్తకం సమస్య, రెండోది చదివే వేగం సమస్య. పిల్లలు రెండింటికీ బోర్ అనే పేరే పెడతారు. అందుకే పెద్దవాళ్లు పుస్తకం మార్చి పుస్తకం ఇస్తూనే ఉంటారు, పిల్లలు వదిలేస్తూనే ఉంటారు.

రెండింట్లో ఏదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. క్లాసులో కూడా చేస్తుంటాను. ఆదివారం అనుబంధంలో వచ్చిన ఒక కథ తీసుకుని, మొదటి పేజీ పైకి చదవమన్నాను. ‘నిర్లక్ష్యంగా’ దగ్గర వాడు ఆగాడు. ‘నిర్... లక్...’ అని రెండుసార్లు కూడబలుక్కుని ‘నిర్లక్షంగా’ అని దాటేశాడు. ‘వెళ్లిపోయినట్టనిపించింది’ దగ్గర ఇంకాసేపు ఆగాడు. ఆ మాటలో మూడు ముక్కలు కలిసిపోయి ఉన్నాయి. చెవికి అది రోజూ వినే మాటే. కంటికి మాత్రం పొడుగాటి గొలుసు. వాక్యం చివరికొచ్చేసరికి దాని మొదట్లో ఎవరి గురించి చదివాడో మర్చిపోయాడు. పేజీ అయ్యాక, “ఏమైంది కథలో?” అంటే తల గోక్కున్నాడు.

తర్వాత అదే పేజీ నేను చదివి వినిపించాను. వెంటనే, “ఓహో, ఆ ముసలామె డబ్బులు దాచింది కదా, కొడుక్కి తెలిసిపోయింటది” అన్నాడు. కథ తర్వాతి పేజీలో జరిగేది కూడా అదే. విన్నప్పుడు అంత చురుగ్గా పట్టుకున్న పిల్లాడికి కథలంటే ఇష్టం లేదని ఎలా అంటాం? వాడి తెలుగు మొత్తం చెవిలో ఉంది, కంటికి ఇంకా అలవాటు కాలేదు. వారానికి నాలుగు పీరియడ్లు తెలుగు ఉన్నా, ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టడమే తప్ప పేజీలకు పేజీలు చదివిన అనుభవం లేదు.

ఇంగ్లీషుతో కూడా అదే పరీక్ష చేశాను. ఇంగ్లీషు పేజీని గడగడా చదివేశాడు, ఉచ్చారణ కూడా బాగుంది. ఏమైందంటే మాత్రం చెప్పలేకపోయాడు. అదే పేజీ నేను చదివి వినిపించినా పెద్ద తేడా రాలేదు. అందులోని పిల్లలు హాస్టల్లో అర్ధరాత్రి దొంగచాటుగా పార్టీ చేసుకుంటారు, మంచులో ఆడుకుంటారు, వాళ్ల ఎగతాళి మాటలు వీడికి ఎగతాళిగా అనిపించవు. ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లల్లో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మాటలు బాగా తెలిసిన భాషలో చదవడం నెమ్మది, చదవడం వచ్చిన భాషలో మాటలు దగ్గరివి కావు. ఏ భాష పుస్తకం ఇచ్చినా వాళ్లకు కష్టమే.

అందుకని మొదటి పుస్తకాలు తెలుగులోనే ఉండాలని నిర్ణయించుకున్నాను. చెవిలో భాష ఉన్నవాడికి కంటి అలవాటు తేవడం సులువు. కంటికి అలవాటైన ఇంగ్లీషును మనసుకు దగ్గర చేయడమనే రెండో దారి చాలా దూరం.

ఇక వాడికి ఏది నచ్చుతుందనే విషయం. వాడు ఫోన్లో ఏం చూస్తాడో పక్కన కూర్చుని చూశాను, కోప్పడకుండా. క్రికెట్ చూస్తాడు. పాములు పట్టేవాళ్ల వీడియోలు, అడవిలో దారి తప్పినవాళ్ల కథలు అంతకంటే ఎక్కువగా చూస్తాడు. క్రికెట్ ఇష్టమని క్రికెటర్ జీవితచరిత్ర కొనివ్వడం అందరూ చేసే పని, సాధారణంగా అది ఫలించదు. క్రికెట్లో వాడికి కావాల్సింది తర్వాతి బంతికి ఏమవుతుందన్న టెన్షన్. ఆ టెన్షన్ జీవితచరిత్రలో ఉండదు, మ్యాచ్ ఎవరు గెలిచారో ముందే తెలిసిపోయి ఉంటుంది. పాముల వీడియోల్లోనూ వాడు చూసేది పాముని కాదు. ఒక మనిషి ఒంటరిగా ప్రమాదం ముందు నిలబడ్డాడు, బయటపడతాడా లేదా అన్నది చూస్తున్నాడు. విషయం ఏదైనా సరే, ఆ ప్రశ్న ఉన్న పుస్తకం కావాలి. ఇది అర్థమయ్యాక వెతకడం తేలికైంది.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో కొన్ని, నా దగ్గరున్నవి కొన్ని, తెలిసినవాళ్ల ఇళ్ల నుంచి కొన్ని తెచ్చి ముందు నేను జల్లెడ పట్టాను. చూసినవి కొద్ది విషయాలే. మొదటి పేజీలోనే ఏదో జరగాలి. మాటల్లో నడవాలి, అంటే పేజీ మధ్యలో సంభాషణలు, చిన్న పేరాలు, ఖాళీ కనపడాలి. అక్షరం మరీ చిన్నది కాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కో కథ ఒక్క కూర్చోటంలో అయిపోవాలి. నెమ్మదిగా చదివే పిల్లాడికి మొదట్లో కావాల్సింది ‘అయిపోయింది’ అనే అనుభవం. మూడు వందల పేజీల నవల ఎంత గొప్పదైనా, రోజుకు నాలుగు పేజీలు చదివేవాడికి అది ఎప్పటికీ అయిపోదు. తెలియని మాటల లెక్కకు టీచర్లు వాడే ఐదువేళ్ల పద్ధతి ఉంది. పుస్తకం మధ్యలో ఒక పేజీ తీసి, తట్టుకున్న ప్రతి మాటకూ ఒక వేలు ముడవాలి. పేజీ పూర్తి కాకముందే ఐదు వేళ్లూ ముడుచుకుంటే అది ప్రస్తుతానికి కష్టమైన పుస్తకం.

ఈ జల్లెడలో మా తరానికి ప్రాణమైన ‘బుడుగు’ నిలవలేదు. చాలామంది పిల్లలకు మొదట అదే ఇస్తారు కాబట్టి కారణం చెప్పాలి. ముళ్లపూడి వెంకటరమణ గారు ఆ పుస్తకాన్ని చిన్నపిల్లాడి నోటి మాటలతో, వాడు పలికే తీరులోనే రాశారు. సరైన మాట కళ్లకు అలవాటైనవాళ్లకు ఆ వంకర రాతలో నవ్వు దొరుకుతుంది. సరైన మాటనే కూడబలుక్కుంటున్నవాడికి అది ఇంకో చిక్కుముడి. వాడు రెండు పేజీలు చదివి బాపు బొమ్మలు మాత్రం చివరిదాకా చూశాడు. పాత చందమామల బైండు ఇచ్చాను. భాష తేలిక, కథలు చిన్నవి, నా లెక్కకు అన్నీ సరిపోయాయి. వాడు మాత్రం, “ఇది చిన్నపిల్లలది పిన్నీ” అన్నాడు. పద్నాలుగేళ్లవాడి చేతిలో రాజకుమార్తె బొమ్మ ఉన్న పుస్తకం ఎదురింటి స్నేహితుడు చూస్తే ఎలా ఉంటుందో నేను ఊహించగలను. ఈ వయసులో పుస్తకం అట్ట కూడా లెక్కే. వాడి మాటకు ఎదురు చెప్పకుండా తీసేశాను.

పనిచేసిన మొదటి పుస్తకం మహమ్మద్ ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’. ఒక పిల్లాడు తన ఇంటి సంగతులు తనే చెప్తున్నట్టుండే చిన్న చిన్న కతలు. రచయిత పెరిగింది కావలిలోనే. వీడికి ఆ సంగతి చెప్పలేదు. రాత్రి కరెంటు పోతే డాబా మీద ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఒక కథ చదివి వినిపించాను. మొదట మొహం అటు తిప్పుకుని పడుకున్నాడు. కాసేపటికి నవ్వు వినపడింది. “పిన్నీ, ఇది మన మాటే కదా! పుస్తకంలో ఇట్ట రాస్తారా?” అన్నాడు. వాడు అప్పటిదాకా చూసిన అచ్చు తెలుగంతా పాఠాల తెలుగే. వాళ్ల నాయనమ్మ మాట్లాడినట్టు అచ్చులో ఉండటం వాడికి కొత్త. నెల్లూరు యాసలో ఉన్న మాట కాబట్టి, సగం చూడగానే మిగతా సగం చెవే పూర్తి చేస్తుంది. ఈ కారణంగానే పిల్లలకు తమ ప్రాంతం యాసలో ఉన్న కథలు ముందు ఇవ్వమంటాను. చిత్తూరు వైపు పిల్లలకు నామిని ‘సినబ్బ కతలు’, గోదావరి పిల్లలకు వంశీ ‘మా పసలపూడి కథలు’లో ఏరినవి ఆ పని చేస్తాయి. పసలపూడి కథలు కొన్ని పెద్దవాళ్లవి, కాబట్టి ముందు మనం చదివి ఏరాలి.

మర్నాడు ఇంకో కథ మొదలుపెట్టి మధ్యలో, ఏదో జరగబోతుందనగా ఆపాను. “స్టవ్ మీద పాలున్నాయి, కాసేపాగి చదువుదాం” అని పుస్తకం బోర్లించి లోపలికెళ్లాను. నేను వచ్చేసరికి వాడు వేలు పెట్టుకుని చదువుతున్నాడు, పెదాలు కదుపుతూ. నేనేమీ అనలేదు. ఎక్కడ ఆపాలన్నది ముందే చూసుకోవాలి. కథ చల్లగా నడుస్తున్నచోట ఆపితే పిల్లాడు హాయిగా సెల్ తీస్తాడు. ఆపడానికి ముందు పేజీ కూడా పిల్లాడే పక్కనుంచి చూస్తూ వినేలా కూర్చోవాలి, అప్పుడు కన్ను సరిగ్గా ఆ లైను దగ్గరే ఉంటుంది.

రెండో పుస్తకం డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఇది నవలే, కానీ సన్నటి పుస్తకం. పందులు మేపుకునే ఒక ముసలాయన, ఈనబోయే పంది ఇంటికి రాకపోతే, దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. దాదాపు కథంతా ఒక్క రాత్రి. సంభాషణలు తక్కువ, వర్ణన ఎక్కువ, యాస లేదు. నేను పెట్టుకున్న కొలతలతో చూస్తే తొందరపడి ఇస్తున్నట్టే. అయినా వాడి పాముల వీడియోల్లో ఉన్న ప్రశ్న ఇందులో ఉన్నంత గట్టిగా నాకు తెలిసిన ఇంకే తెలుగు పుస్తకంలోనూ లేదు. అందుకే సాయం ఎక్కువ చేశాను. మొదటి పేజీలు నేనే చదివాను, ముసలాయన చీకట్లో అడవిలోకి అడుగుపెట్టేదాకా. తర్వాత ఒక పేజీ నేను, ఒక పేజీ వాడు. వాడి వంతులో ఏదైనా మాట దగ్గర ఆగితే ఒక్క క్షణం చూసి నేనే ఆ మాట అందించేదాన్ని. సరిదిద్దటం, మళ్లీ పలకమనటం చేయలేదు. అలా చేస్తే కథ తెగిపోయి అది పాఠమైపోతుంది. నక్కలు వచ్చే చోటికి వచ్చేసరికి వాడు నా వంతు పేజీ కూడా నాకివ్వలేదు. ఆ రాత్రి భోజనానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

పుస్తకం అయ్యాక వాడు చాలాసేపు గొడవపడ్డాడు, ముగింపు అలా ఉండకూడదని. ముగింపేమిటో ఇక్కడ రాయను, చదవనివాళ్ల కోసం. “ఈయనకు అడవి గురించి ఇన్ని విషయాలు ఎట్ట తెలుసు?” అని అడిగాడు. రచయిత చిత్తూరు జిల్లాలో పుట్టాడనీ, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్టు రోగులకు వైద్యం చేసిన డాక్టరనీ చెప్పాను. ఒక పుస్తకం వెనక మనిషి ఉంటాడనే విషయం మీద వాడికి ఆసక్తి పుట్టడం అదే మొదటిసారి.

ఈ దశలోనే చాలా ఇళ్లలో పని చెడుతుంది. అక్క ఫోన్ చేసి, చదివిన పుస్తకం గురించి నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయించమంది, రాత కూడా మెరుగవుతుందని. నేను ఒప్పుకోలేదు. చదివిన ప్రతిసారీ రాయాల్సి వస్తుందని తెలిస్తే పిల్లాడు చదవడం మానేస్తాడు, అది తెలివైన నిర్ణయం కూడా. ప్రశ్నలు కూడా అడగొద్దన్నాను. వాడు చదువుతున్నాడో, ఊరికే పేజీలు తిప్పుతున్నాడో తెలుసుకోవడానికి వేరే గుర్తులున్నాయి. వేలు పెట్టడం మానేస్తాడు. పెదాలు కదలడం తగ్గుతుంది. మనం అడక్కుండానే ఒక పాత్ర మీద కోపంగా ఏదో అంటాడు. పేజీలు తిప్పే శబ్దం ఒకే తీరుగా వస్తుంటే అనుమానించాలి. నిజంగా చదివేవాడు ఒక చోట ఆగుతాడు, ఒక్కోసారి వెనక్కి కూడా తిప్పుతాడు.

ఫ్రాన్సులో డేనియల్ పెనాక్ అని ఒక రచయిత, ఆయన టీచరుగా కూడా పనిచేశాడు, 1992లో వచ్చిన పుస్తకంలో చదివేవాళ్లకు పది హక్కులు రాశాడు. పేజీలు దాటేసే హక్కు, పుస్తకం పూర్తి చేయకుండా వదిలేసే హక్కు వాటిలో ఉన్నాయి. నేను ఈ రెండూ వాడికి మాటిచ్చాను. పది పేజీలు చూడు, నచ్చకపోతే పక్కన పెట్టెయ్, కారణం చెప్పనక్కర్లేదు అని. ఈ మాట తప్పకుండా నిలబెట్టుకోవాలి. నాకెంతో ఇష్టమైన ఒక కథల పుస్తకాన్ని వాడు నాలుగో పేజీలో పక్కన పెట్టాడు. బాధేసింది కానీ మొహంలో చూపించలేదు.

మూడో పుస్తకం వాడే తెచ్చుకున్నాడు. పక్కింటి వాళ్ల అటక మీద పాత నవలల కట్టలో యండమూరి ‘తులసిదళం’ దొరికింది. తులసి అనే చిన్నపాప మీద క్షుద్రశక్తుల ప్రయోగం, ఆ భయం. నేను ఇవ్వాలనుకునే పుస్తకం కాదు. చేతబడి నిజమేమో అనిపించేలా రాసిన నవల మీద నాకు అభ్యంతరాలున్నాయి, అవి వాడితో చెప్పాను కూడా. లాక్కోలేదు. మా అమ్మ వాళ్ల తరంలో ఎంతోమందిచేత వారపత్రికల కోసం ఎదురుచూసేలా చేసింది ఇలాంటి సీరియళ్లే. ప్రతి అధ్యాయం చివర ఒక కొక్కెం వేసి వదలడం ఆ రచయితలకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. పొడుగాటి నవల చదివే ఓపిక వాడికి ఆ కొక్కేలతోనే వచ్చింది. రోజుల తరబడి చదివాడు, రాత్రిపూట హాల్లో లైటు ఆర్పొద్దన్నాడు. పూర్తయ్యేసరికి వాడు ఒక పేజీ చదవడానికి పట్టే సమయం ఎంత తగ్గిందో పక్కన కూర్చున్న నాకు స్పష్టంగా తెలిసింది. వంద మంచి కథలతో రాని వేగం ఒక్కోసారి ఇలాంటి పుస్తకంతో వస్తుంది. ఆ వేగం వచ్చాకే మంచి కథల దగ్గరికి రావడానికి పిల్లాడికి దారి ఏర్పడుతుంది.

అందరు పిల్లల విషయంలోనూ ఇలాగే జరుగుతుందనడం లేదు. మా స్కూల్లో ఒక అమ్మాయి ఉండేది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అదే తీరుగా తడబడేది, అక్షరాలు తారుమారయ్యేవి, నిన్న చదివిన మాట ఈరోజు మళ్లీ కొత్తగా కనపడేది. విన్నప్పుడు మాత్రం అందరికంటే ముందు అర్థం చేసుకునేది. ఏ పుస్తకం ఎంచినా ఆ అమ్మాయికి సరిపోదు. అది డిస్లెక్సియా కావొచ్చు, నిపుణులకు చూపించి పరీక్ష చేయించాలి. అంతవరకూ మనం చదివి వినిపించడం, ఆడియో కథలు పెట్టడం ఆపకూడదు. రెండు భాషల్లోనూ ఒకే ఇబ్బంది కనపడుతోందా, ఒక్క భాషలోనేనా అన్నది తల్లిదండ్రులు తప్పకుండా గమనించాల్సిన తేడా.

ఇప్పుడు అక్క అడుగుతున్నది ఇంగ్లీషు గురించి. అక్కడ కూడా అదే దారి పట్టాను, మంచు దేశాల హాస్టళ్లు వదిలేసి మన ఎండలో నడిచే కథ. ఆర్.కె. నారాయణ్ 1935లో రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ ఇచ్చాను. అందులో పిల్లలు మాల్గుడిలో క్రికెట్ క్లబ్బు పెట్టుకుంటారు. ఆ భాగం ముందు చదివి వినిపించి, అక్కడి నుంచే మొదలుపెట్టమన్నాను. మొదటి పేజీ నుంచే చదవాలని ఎక్కడా రాసి లేదు. క్రికెట్ అధ్యాయాలు చదివేశాడు, హెడ్మాస్టరు బెత్తం ఉన్న అధ్యాయం కోసం వెనక్కి వెళ్లాడు, మిగతావి వదిలేశాడు. ప్రస్తుతానికి ఇంగ్లీషు అక్కడుంది. తెలుగులో మాత్రం దసరా సెలవులకు వచ్చేటప్పటికి ఖదీర్ బాబుదే ‘పోలేరమ్మ బండ కతలు’ తెచ్చి పెట్టమని ఫోన్ చేశాడు.